జీతం పెంపు: అందరికీ ఒకే మొత్తమా, ఒకే శాతమా?

జీతాల పెంపు గురించి జరిగే మీటింగుల్లో ఒక వాదన నేను చాలాసార్లు విన్నాను. ఒకే కాగితం ముందు పెట్టుకుని ఒకరు "పర్సంటేజీ లెక్కన పెంచితే పైవాళ్లకీ కిందివాళ్లకీ తేడా ఇంకా పెరుగుతుంది" అంటారు. ఎదురుగా కూర్చున్నవారు "అందరికీ అదే శాతం ఇస్తుంటే తేడా ఎక్కడ పెరిగిందండీ?" అని అడుగుతారు. గొంతులు పెరుగుతాయి. ఎవరో ఒకరు లెక్క తప్పారని అందరూ అనుకుంటారు. కానీ ఇద్దరి లెక్కా సరైనదే. "తేడా" అన్న ఒకే మాటతో ఇద్దరూ రెండు వేర్వేరు సంగతులు చెబుతున్నారు, అంతే. జీతాల షీట్లు తయారు చేసే పనిలో ఉన్నవాడిగా నాకు ఇది బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఐదు నిమిషాల లెక్కతో తేలిపోయే విషయానికి మనుషులు ఒకరినొకరు అనుమానించుకుంటారు.

ఐదుగురు పనిచేసే చిన్న ఆఫీసు ఒకటి అనుకుందాం. హెల్పర్ జీతం నెలకు 20,000. క్లర్కుకు 25,000, అకౌంటెంట్‌కు 30,000, సూపర్‌వైజర్‌కు 40,000, మేనేజర్‌కు 85,000. అన్నీ కలిపితే 2,00,000. ఐదుతో భాగిస్తే సగటు 40,000. హెల్పర్‌కీ మేనేజర్‌కీ మధ్య ఉన్న తేడా 65,000.

ఈ ఏడాది పెంపు కోసం నెలకు 20,000 కేటాయించారు. దాన్ని పంచడానికి రెండు దారులున్నాయి. ఒకటి, తలా 4,000 ఇవ్వడం. రెండోది, అందరికీ 10 శాతం ఇవ్వడం. ఈ రెండు అంకెలూ కావాలనే ఎంచుకున్నాను. పాత సగటు 40,000లో 10 శాతం అంటే 4,000. కాబట్టి రెండు దారుల్లోనూ యజమానికి అయ్యే ఖర్చు ఒక్కటే. పోలిక న్యాయంగా ఉండాలంటే ముందు ఇది చూసుకోవాలి. ఒకవైపు 3,000, ఇంకోవైపు 10 శాతం పెట్టి ఏది మంచిదని అడిగితే, అక్కడ పోల్చేది పద్ధతుల్ని కాదు, బడ్జెట్లని.

తలా 4,000 ఇస్తే జీతాలు వరుసగా 24,000, 29,000, 34,000, 44,000, 89,000 అవుతాయి. మొత్తం 2,20,000, సగటు 44,000. పది శాతం ఇస్తే 22,000, 27,500, 33,000, 44,000, 93,500. మొత్తం మళ్లీ 2,20,000, సగటు మళ్లీ 44,000.

ఇక్కడ కాసేపు ఆగాలి. సగటు రెండు చోట్లా ఒకటే వచ్చిందంటే, "మా దగ్గర సగటు జీతం 10 శాతం పెరిగింది" అన్న వాక్యం చదివినవారికి ఏ పద్ధతిలో పెంచారో తెలిసే అవకాశమే లేదు. సగటు అనేది మొత్తాన్ని మనుషుల సంఖ్యతో భాగించడమే కాబట్టి, ఆ మొత్తం ఎవరి జేబులోకి ఎంత వెళ్లిందో దానికి పట్టదు. అందరికీ ఒకే మొత్తం కలిపితే సగటుకు కూడా సరిగ్గా అంతే కలుస్తుంది. అందరినీ ఒకే శాతం పెంచితే సగటు కూడా అదే శాతం పెరుగుతుంది. ఎంతమంది ఉన్నా, జీతాలు ఎలా ఉన్నా ఇది మారదు.

ఇప్పుడు తేడా సంగతి. తలా 4,000 ఇచ్చాక మేనేజర్ 89,000, హెల్పర్ 24,000. తీసివేస్తే 65,000, అంటే ముందున్నంతే. పది శాతం ఇచ్చాక 93,500 నుంచి 22,000 తీసేస్తే 71,500. తేడా 6,500 పెరిగింది, అంటే అది కూడా సరిగ్గా పది శాతమే. మొదటి మనిషి చెప్పింది ఇదే, అది నిజం.

రెండో మనిషి తీసివేత చేయలేదు, భాగహారం చేశారు. పెంపుకు ముందు మేనేజర్ జీతం హెల్పర్ జీతానికి 4.25 రెట్లు. పది శాతం పెంచాక 93,500ని 22,000తో భాగిస్తే మళ్లీ 4.25 రెట్లే. ఏమీ మారలేదు. తలా 4,000 ఇస్తే మాత్రం 89,000ని 24,000తో భాగించాలి. అది సుమారు 3.71 రెట్లు. ఈ కొలత ప్రకారం శాతం పెంపు తేడాను ఉన్నచోటే ఉంచింది, ఒకే మొత్తం ఇవ్వడం తేడాను తగ్గించింది.

ఎందుకిలా అవుతుందో చూస్తే మళ్లీ ఎప్పుడూ తికమక పడక్కర్లేదు. ఇద్దరి జీతాలకూ 4,000 కలిపాం. ఒకదాని నుంచి ఒకటి తీసేసినప్పుడు ఆ 4,000, ఈ 4,000 కొట్టుకుపోతాయి. అందుకే తేడా కదలదు. భాగించినప్పుడు మాత్రం అవి కొట్టుకుపోవు. చిన్న జీతానికి 4,000 పెద్ద భాగం, పెద్ద జీతానికి చిన్న భాగం, అందుకే రెట్లు తగ్గుతాయి. శాతం పెంపులో ఇది సరిగ్గా తిరగబడుతుంది. ఇద్దరి జీతాలనూ 1.1తో గుణించాం. భాగించినప్పుడు ఆ 1.1 పైనా కిందా పోతుంది, రెట్లు మారవు. తీసివేసినప్పుడు అది పోదు, తేడాను కూడా 1.1తో గుణించేస్తుంది.

ఇది పైనున్న ఒకరికీ కిందున్న ఒకరికీ సంబంధించిన సంగతి మాత్రమే కాదు. ప్రతి ఒక్కరూ సగటుకు ఎంత దూరంలో ఉన్నారో చూద్దాం. ముందు హెల్పర్ 20,000 కింద, క్లర్కు 15,000 కింద, అకౌంటెంట్ 10,000 కింద, సూపర్‌వైజర్ సరిగ్గా సగటు మీద, మేనేజర్ 45,000 పైన. ఈ దూరాలన్నీ కలిపి ఐదుతో భాగిస్తే 18,000. తలా 4,000 ఇచ్చాక ఒక్కొక్కరూ 4,000 పైకి జరిగారు, సగటూ అంతే జరిగింది, దూరాలు అలాగే ఉన్నాయి. సగటు దూరం మళ్లీ 18,000. పది శాతం ఇస్తే ప్రతి దూరమూ పది శాతం సాగింది, సగటు దూరం 19,800 అయింది. అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ఇంకో కొలత, ప్రామాణిక విచలనం, లెక్కించినా కథ ఇదే. మొదటి పద్ధతిలో అది కదలదు, రెండో పద్ధతిలో అదే శాతం పెరుగుతుంది.

మీ షీట్‌లో చూసుకోవాలంటే, కొత్త జీతాలు B2 నుంచి B6 వరకు ఉన్నాయనుకుంటే, ఈ మూడు ఫార్ములాలు చాలు. రెండోది తేడా చెబుతుంది, మూడోది ఎన్ని రెట్లో చెబుతుంది.

```
=AVERAGE(B2:B6)
=MAX(B2:B6)-MIN(B2:B6)
=MAX(B2:B6)/MIN(B2:B6)
```

ఇప్పుడు సూపర్‌వైజర్ వైపు చూడండి. ఆయనకు రెండు పద్ధతుల్లోనూ 44,000 వచ్చింది. ఆయన జీతం సరిగ్గా సగటు మీద ఉంది కాబట్టే ఇలా జరిగింది. ఖర్చు సమానంగా ఉన్నప్పుడు సగటు కంటే తక్కువ జీతం ఉన్న ప్రతివారికీ ఒకే మొత్తం లాభం, సగటు కంటే ఎక్కువ ఉన్న ప్రతివారికీ శాతం లాభం. గీత సరిగ్గా సగటు దగ్గర పడుతుంది, నడుమ ఉన్న మనిషి దగ్గర కాదు. మన లిస్టులో నడిమి జీతం 30,000, సగటు 40,000. మేనేజర్ ఒక్కరి జీతమే సగటును అంత పైకి లాగింది. చాలా జీతాల లిస్టులు ఇలాగే ఉంటాయి. పైన కొందరివి బాగా పెద్దవి, కింద ఎక్కువమందివి సగటు కంటే తక్కువ. అందుకే చేతులెత్తి ఓటు వేయమంటే తలా ఒకే మొత్తం గెలిచే అవకాశం ఎక్కువ. మన ఆఫీసులో ముగ్గురికి అది లాభం, ఒకరికి నష్టం, ఒకరికి రెండూ ఒకటే. మేనేజ్‌మెంట్ వైపు నుంచి తరచూ శాతం ప్రతిపాదన రావడానికీ, సంఘాల వైపు నుంచి తరచూ ఒకే మొత్తం ప్రతిపాదన రావడానికీ ఈ లెక్క ఒక కారణం.

ఇక్కడ అందరూ కాలు జారే చోటు ఒకటుంది. తలా 4,000 ఇచ్చినప్పుడు ఎవరికి ఎంత శాతం పెరిగిందో రాయండి. హెల్పర్‌కు 20 శాతం, క్లర్కుకు 16, అకౌంటెంట్‌కు 13.3, సూపర్‌వైజర్‌కు 10, మేనేజర్‌కు 4.7. ఈ ఐదు శాతాలకూ సగటు తీస్తే 12.8 వస్తుంది. "మేము సగటున 12.8 శాతం పెంచాం" అని ప్రకటించినా అబద్ధం అనలేం. కానీ సగటు జీతం పెరిగింది 10 శాతమే, ఖర్చు పెరిగిందీ 10 శాతమే. శాతాల సగటు వేరు, సగటులో శాతం వేరు. మొదటి దాంట్లో ప్రతి మనిషీ ఒక్కో లెక్క, రెండో దాంట్లో ప్రతి రూపాయీ ఒక్కో లెక్క. శాతం పెంపులో ఈ రెండూ ఎప్పుడూ కలిసిపోతాయి కాబట్టి సమస్య కనిపించదు. ఒకే మొత్తం ఇచ్చినప్పుడే విడిపోతాయి. రెండు ఆఫీసుల పెంపు పోల్చేటప్పుడు ఒకరు ఒక అంకె, ఇంకొకరు ఇంకో అంకె చెప్పారేమో చూసుకోవాలి.

ఒక్క ఏడాదిలో ఇదంతా చిన్న విషయంలా అనిపించవచ్చు. అదే పద్ధతి ఏటేటా నడిస్తే అసలు రంగు బయటపడుతుంది. ఏటా 10 శాతం చొప్పున ఏడేళ్లు పెంచితే ప్రతి జీతమూ దాదాపు 1.95 రెట్లు అవుతుంది. హెల్పర్ 38,974, మేనేజర్ 1,65,641. వాళ్ల మధ్య తేడా 65,000 నుంచి 1,26,667కి చేరుతుంది, దాదాపు రెట్టింపు. రెట్లు మాత్రం అదే 4.25. ఏడేళ్లలో ఎవరికీ అన్యాయం జరగలేదని ఒకరు అంటారు, తేడా రెట్టింపైందని ఇంకొకరు అంటారు. మళ్లీ ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

దీన్ని ఒకే మొత్తంతో పోల్చేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. ఏటా అదే 4,000 ఇస్తూ పోతే పోలిక చెడిపోతుంది. రెండో ఏడాది సగటు 44,000 అయింది కాబట్టి, పది శాతంతో సమానంగా ఖర్చు పెట్టాలంటే తలా 4,400 ఇవ్వాలి, మూడో ఏడాది 4,840 ఇవ్వాలి. మొత్తాన్ని 4,000 దగ్గరే వదిలేస్తే అది ఏటికేడాది చిన్న శాతం అవుతూ పోతుంది. "ప్రతి ఏటా 4,000 గ్యారంటీ" అన్న ఒప్పందం మొదటి ఏడాది ఉదారంగా కనిపించి, ఏడో ఏడాదికి వెలవెలబోవడానికి కారణం ఇదే.

సమాన ఖర్చుతో, అంటే పెరుగుతూ పోయే ఒకే మొత్తంతో ఏడేళ్లు నడిపితే తలా 37,949 కలుస్తుంది. హెల్పర్ 57,949కి, మేనేజర్ 1,22,949కి చేరతారు. తేడా అదే 65,000. రెట్లు 4.25 నుంచి 2.12కు పడిపోయాయి. కింద ఉన్నవారి వైపు నుంచి చూస్తే ఇది చాలా పెద్ద మేలు, దాన్ని తక్కువ చేయను. కానీ ఇదే లెక్కలో క్లర్కును చూడండి. మొదట్లో ఆయనకు హెల్పర్ కంటే 25 శాతం ఎక్కువ వచ్చేది. ఏడేళ్ల తర్వాత 62,949, అంటే హెల్పర్ కంటే 8.6 శాతమే ఎక్కువ. ఇంకా అదే 5,000 తేడా ఉంది, కానీ ఆ 5,000 కోసం పరీక్ష రాసి, కొత్త పని నేర్చుకుని, బాధ్యత నెత్తిన వేసుకోవాలా అని హెల్పర్ ఆలోచిస్తాడు. ఒకే మొత్తం పద్ధతి అందరికంటే పైనున్న మనిషిని తాకి ఊరుకోదు. పక్కపక్క మెట్ల మధ్య ఉన్న ఎత్తును కూడా అరగదీస్తుంది. ప్రమోషన్‌కు అప్లికేషన్లు తగ్గడం, కొత్తగా చేరినవారికీ పదేళ్లు చేసినవారికీ దాదాపు ఒకే జీతం ఉండటం, నైపుణ్యం ఉన్నవారు ముందుగా మానేయడం, ఇవి ఆ అరుగుదలకు కనిపించే గుర్తులు.

ఇది ఒక దేశం మొత్తం మీద జరిగింది. ఇటలీలో ధరలు పెరిగినప్పుడల్లా జీతాలు పెంచే ఏర్పాటు ఒకటి ఉండేది, దాని పేరు స్కాలా మొబిలె. 1975లో యజమానుల సమాఖ్యకూ కార్మిక సంఘాలకూ కుదిరిన ఒప్పందంతో, ధరల సూచీ ఒక పాయింటు పెరిగితే జీతం ఎంతున్నా అందరికీ ఒకే మొత్తం కలిపేలా మార్చారు. ఆ రోజుల్లో ధరలు విపరీతంగా పెరుగుతుండేవి. 1980లో ద్రవ్యోల్బణం 20 శాతం దాటింది. అంత వేగంగా ధరలు పెరిగేటప్పుడు జీతంలో పెద్ద భాగం ఈ ఒకే మొత్తాల నుంచే వస్తుంది కాబట్టి, కొద్ది ఏళ్లలోనే జీతాల మధ్య నిష్పత్తులు బాగా కుదించుకుపోయాయి. తక్కువ జీతాలవారికి అది ధరల నుంచి గట్టి రక్షణ. నైపుణ్యం ఉన్న కార్మికులకూ సూపర్‌వైజర్లకూ అది అసంతృప్తి. 1980లలో ఆ ఏర్పాటును కోసి, చివరికి 1992లో రద్దు చేశారు. ఆ ఒప్పందంలో ఎవరి జీతమూ అంకెల్లో తగ్గలేదు. ధరలతో పోల్చినప్పుడే పైమెట్ల వారికి తగ్గింది.

ధరల మాట వచ్చింది కాబట్టి మన ఐదుగురి దగ్గరికే మళ్లీ వద్దాం. ఏడాదిలో ధరలు కూడా 10 శాతం పెరిగాయనుకోండి. అప్పుడు 10 శాతం పెంపు నిజానికి పెంపే కాదు, ఎవరు ఎక్కడున్నారో అక్కడే నిలబెట్టడం. నిన్న 65,000తో కొనగలిగిన వస్తువులకు ఇవాళ 71,500 పడుతుంది. అంటే శాతం పద్ధతిలో "పెరిగిన" ఆ తేడా, కొనుగోలు శక్తిలో చూస్తే ఒక్క పైసా పెరగలేదు. శాతం పెంపు తేడాను పెంచేస్తుందని గట్టిగా వాదించేవారు ఈ సంగతి ఎదుర్కోవాల్సిందే.

అదే ఏడాది తలా 4,000 ఇస్తే, హెల్పర్, క్లర్కు, అకౌంటెంట్ ధరల కంటే ముందుకు వెళ్లారు. సూపర్‌వైజర్ ఉన్నచోటే ఉన్నారు. మేనేజర్ చేతిలోని 89,000 నిన్నటి ధరల్లో 80,909కి సమానం, అంటే ఆయన జీతం నిజంగా తగ్గింది. ఆయనకు స్లిప్‌లో మాత్రం 4,000 పెరిగినట్టే కనిపిస్తుంది. ఈ దారి తప్పని నేను అనను. ధరలు మండిపోయే ఏడాదిలో ముందుగా నలిగిపోయేది చిన్న జీతాలే, వాళ్లను కాపాడటం కోసం పైవాళ్లు కొంత వదులుకోవడం న్యాయమేనని నా నమ్మకం. కాకపోతే వదులుకుంటున్నారని వాళ్లకు చెప్పాలి. ధరలు నిలకడగా ఉన్న ఏడాదుల్లో నేను శాతం వైపే మొగ్గుతాను, మెట్ల మధ్య ఎత్తు కాపాడటానికి.

రెండింటినీ కలిపే దారి కూడా ఉంది, చాలా ఒప్పందాలు చివరికి అక్కడే ఆగుతాయి. తలా 2,000, దాని మీద పాత జీతంలో 5 శాతం. ఖర్చు మళ్లీ 20,000, సగటు మళ్లీ 44,000. హెల్పర్ 23,000, మేనేజర్ 91,250. తేడా 68,250, అంటే పెరిగింది. రెట్లు 3.97, అంటే తగ్గాయి. ఒకే పెంపు గురించి "తేడా పెరిగింది", "తేడా తగ్గింది" అని రెండు పత్రికలు రెండు శీర్షికలు పెట్టినా రెండూ తప్పు కావు. ఈ కలయికలో తీసివేత తేడాను నిర్ణయించేది శాతం భాగం ఒక్కటే. 2,000కు బదులు 3,000 ఇచ్చినా 68,250 కదలదు. రెట్లను తగ్గించే పని మాత్రం ఒకే మొత్తం చేస్తుంది.

ఆర్డరు చేతికొచ్చాక చూడాల్సింది ఒకటి మిగిలింది. ఆ ఒకే మొత్తాన్ని మూల వేతనంలో కలిపారా, విడిగా అలవెన్స్ కింద చూపించారా? ఈ ఏడాది స్లిప్‌లో రెండూ ఒకటే మొత్తం. వచ్చే ఏడాది 10 శాతం పెంపు వస్తే తెలుస్తుంది. కలిపి ఉంటే హెల్పర్ 24,000 మీద 10 శాతం పెరిగి 26,400 అవుతుంది. విడిగా ఉంటే పాత 20,000 మీదే పెరిగి 22,000, దానికి అలవెన్స్ 4,000, మొత్తం 26,000. మేనేజర్‌కు కూడా అలాగే 400 తక్కువ. ఇద్దరికీ ఒకే మొత్తం తగ్గింది కాబట్టి వాళ్ల మధ్య తీసివేత తేడా రెండు చోట్లా 71,500. ఆ 400 హెల్పర్‌కే బరువు కాబట్టి, 3.71 దగ్గర ఉండాల్సిన నిష్పత్తి 3.75 అవుతుంది. ఏటా శాతం పెంపు వస్తూ పోతే ఆ 400 కూడా పెరుగుతూ పోతుంది.